"కుక్కే కదమ్మా" అన్న నోరు నాదే



ఈ వారం రాసేది కొందరికి నచ్చదు. "అయ్యగారికి రాయడానికి వేరే సంగతి దొరకలేదా" అని అనుకునేవారు కూడా ఉంటారు. అయినా రాస్తున్నాను. ఎందుకంటే ఇందులో మొదటి ముద్దాయిని నేనే.

మన సంఘంలో ఒక తల్లి ఉన్నారు. పేరు రాయను. ఆమె అనుమతి తీసుకునే రాస్తున్నాను. భర్త పోయి తొమ్మిదేళ్లు. పెద్దకొడుకు విశాఖపట్నంలో, చిన్నకొడుకు హైదరాబాదులో. ఆమదాలవలసకి కొద్ది దూరంలో సొంత ఊళ్ళో, పెంకుటింట్లో ఒక్కతే ఉంటారు. ఒక్కతే అని మనం అంటాం గాని, ఆమె ఎప్పుడూ అలా అనలేదు. జానీ అనే కుక్క ఉండేది. పదకొండేళ్ల కిందట ఆమె భర్త శ్రీకాకుళం రోడ్డు స్టేషను దగ్గర నుంచి చిన్న కూనని సంచిలో వేసుకుని తెచ్చారట. ఆదివారం ఆమె ఆరాధనకి వస్తే అదీ వెనకే వచ్చి, గేటు బయట వేపచెట్టు కింద పడుకుని, ఆశీర్వాదం అయి జనం లేచేదాకా కదిలేది కాదు. మీలో చాలామంది దాన్ని చూసే ఉంటారు.

గత వేసవిలో జానీ చనిపోయింది. ఆ తరవాత ఆదివారం ఆమె కళ్ళు వాచి ఉన్నాయి. ఆరాధన అయ్యాక నా దగ్గరికి వచ్చి, "అయ్యగారూ, మా జానీ ఎల్లిపోయింది" అన్నారు. నా వెనక ముగ్గురు ప్రార్థన కోసం నిలబడి ఉన్నారు. నేను నవ్వు ముఖంతో, "కుక్కే కదమ్మా, బాధపడకండి. ఇంకోటి పెంచుకుందురు గాని" అని, పక్కనున్న ఆయన వైపు తిరిగాను. అంతే. పది సెకండ్లు పట్టి ఉండదు.

తరవాత నాలుగు ఆదివారాలు ఆమె రాలేదు.

మోకాళ్ల నొప్పులేమో అనుకున్నాను. ఐదో వారం చూడడానికి వెళ్లాను. అరుగు మీద కూర్చుని ఉన్నారు. మనిషి బాగా చిక్కిపోయారు. ఎందుకు రావడం లేదని అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. చివరికి అన్నారు: "అది కుక్కని నాకు తెల్దా అయ్యగారూ? పదకొండేళ్లు గంజి పోసింది నానే కదా. కుక్కేనని సెప్పడానికి మీరెందుకు?"

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడూ లేదు. ఆ మాట అడిగించిన మన అలవాటు మీదే ఈ వ్యాసం.

ధర లేని చావుకి ఏడవకూడదా?

మన ఊళ్ళల్లో పాడిగేదె చచ్చిపోతే ఏం జరుగుతుందో మీకు తెలుసు. వీధంతా వస్తుంది. "అయ్యో, రెండు పూటలా పాలిచ్చేది, ఎంత నష్టం" అంటారు. ఆ ఇంటి ఆడమనిషి గేదెని పట్టుకుని ఏడిస్తే ఎవరూ నవ్వరు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన జిల్లా మీద విరుచుకుపడి ఉద్దానంలో కొబ్బరి చెట్లు కూలిపోయినప్పుడు, ఆ చెట్లని కొడుకుల్లా పెంచుకున్న రైతులు గుండెలు బాదుకుని ఏడ్చారు. "చెట్టే కదా" అని ఎవరైనా అన్నారా? అనలేదు. అనకూడదు కూడా.

మరి కుక్క చస్తే ఎందుకు అంటున్నాం? నేను ఆలోచిస్తే ఒక్కటే కారణం కనబడింది. గేదెకి, చెట్టుకి ధర ఉంది. కుక్కకి లేదు. విపత్తుల్లో చనిపోయిన పశువులకి సాయం ఇవ్వడానికి కేంద్ర ప్రభుత్వం పెట్టుకున్న పట్టిక ఒకటి ఉంటుంది. తిత్లీ వచ్చిన నాటికి అమల్లో ఉన్న దాని ప్రకారం పాలిచ్చే ఆవుకో గేదెకో 30,000 రూపాయలు, మేకకో గొర్రెకో 3,000, కోడికి 50. కుక్కకి ఆ పట్టికలో వరసే లేదు. ప్రభుత్వాన్ని నేను తప్పు పట్టడం లేదు. జీవనోపాధి పోయినవాడికి సాయం ఇవ్వడమే ఆ పట్టిక పని. నా బాధల్లా ఆ పట్టికనే మనం మన గుండెల్లోనూ పెట్టుకుని, దాన్ని చూసి ఎవరు ఎంత ఏడవాలో కొలుస్తున్నందుకు.

ఆ తల్లి పోగొట్టుకున్నది రూపాయల్లో చెప్పేది కాదు. పొద్దున్నే తలుపు తీయగానే ఎదురొచ్చే ప్రాణి పోయింది. రాత్రి గేటు చప్పుడైతే తనకంటే ముందు లేచే ప్రాణి పోయింది. భర్త చేతులతో తెచ్చినవాటిలో ఊపిరి ఉన్నది అదొక్కటే. ఆయన గొంతు ఎరిగినది ఆ ఇంట్లో ఆమె కాక అదొక్కటే. జానీ పోయిన రోజున ఆమె భర్త ఇంకొంచెం పోయాడు. ఇదంతా "కుక్కే కదా" అనే రెండు మాటల కింద నేను కప్పెట్టేశాను.

రెండో దుఃఖం మనం పెట్టేది

అమెరికాలో కెన్నెత్ డోకా అని ఒక ప్రొఫెసరు ఉన్నారు. ఆయన లూథరన్ సంఘంలో అభిషేకం పొందిన పాస్టరు కూడా. చావు, దుఃఖం అన్న విషయం మీదే జీవితమంతా పనిచేశారు. 1989లో వచ్చిన ఒక పుస్తకంలో ఆయన ఒక రకం దుఃఖానికి పేరు పెట్టారు. దాన్ని మన మాటల్లో చెప్పాలంటే "హక్కు లేని దుఃఖం". మనిషి నిజంగానే పోగొట్టుకున్నాడు, నిజంగానే ఏడుస్తున్నాడు, కాని చుట్టూ ఉన్నవాళ్లు "నీకు ఏడ్చే హక్కు లేదు" అంటారు. కొన్నిసార్లు ఆ బంధాన్ని ఒప్పుకోరు, కొన్నిసార్లు ఆ నష్టాన్ని ఒప్పుకోరు, కొన్నిసార్లు ఏడ్చే మనిషినే లెక్కలోకి తీసుకోరు. పెంపుడు జంతువు కోసం ఏడ్చే ముసలమ్మకి, చిన్నపిల్లవాడికి ఈ మూడూ ఒకేసారి జరుగుతాయి.

ఇది ఎలా హాని చేస్తుందో మన పద్ధతుల్లోంచే చూడండి. మన సంఘంలో ఎవరైనా ప్రభువునందు నిద్రిస్తే ఏం చేస్తాం? సమాధి చేసేదాకా పక్కనే ఉంటాం. తరవాత ఆదరణ కూడిక పెడతాం. ఇంటికి భోజనం పంపుతాం. వచ్చినవాళ్లు ప్రతి ఒక్కరూ "ఎలా జరిగింది?" అని అడుగుతారు. ఆ ఇంటివాళ్లు అదే కథ మళ్ళీ మళ్ళీ చెబుతారు. పొద్దున్న ఎలా ఉన్నారు, ఏ మాట అన్నారు, ఆసుపత్రిలో ఏం జరిగింది అని యాభైసార్లు చెబుతారు. పైకి చాదస్తంలా ఉంటుంది గాని, మనసు పని చేసేది అక్కడే. చెప్పగా చెప్పగా జరిగింది జరిగిందని లోపల నిలుస్తుంది.

కుక్క చస్తే ఇందులో ఒక్కటీ లేదు. కూడిక లేదు, భోజనం లేదు, "ఎలా జరిగింది" అని అడిగేవాడు లేడు. ఆమె కథ ఆమె గొంతులోనే ఉండిపోయింది. దానికి తోడు సిగ్గు వచ్చి చేరింది. "నేనేమైనా పిచ్చిదాన్నా? కుక్క కోసం ఇంత ఏడవడమేంటి?" అని ఆమె తనని తానే తిట్టుకున్నారు. మొదటి దుఃఖం చావు తెచ్చింది. రెండోది మనం తెచ్చాం. మొదటిదాన్ని మనం ఆపలేం. రెండోది పూర్తిగా మన చేతుల్లో పని.

మూడోది ఇంకొకటి ఉంది. అది అన్నిటికంటే లోతుగా కోస్తుంది. నేరభావం. మనిషి చస్తే చికిత్స గురించి డాక్టర్లు, పిల్లలు, బంధువులు కలిసి నిర్ణయిస్తారు. పెంపుడు జంతువు విషయంలో అన్నీ ఒక్క మనిషి మీదే. అది నోరు తెరిచి నొప్పి అని చెప్పదు. అందుకని పోయిన తరవాత "నేనే ముందు కనిపెట్టాల్సింది" అన్న మాట తిరుగుతూనే ఉంటుంది.

ఆ రోజు ఆమె అరుగు మీద నేను మొదటిసారి నోరు మూసుకుని విన్నాను. చలికాలం వెళ్ళిన దగ్గర నుంచి జానీ నీళ్లు ఎక్కువ తాగుతోందట. ఎండలు ముదిరాయి కదా అనుకున్నారు. ఎన్నడూ లేనిది రాత్రిళ్ళు వసారాలో ఉచ్చ పోస్తే, ముసలిదైపోయిందని కోప్పడ్డారట. వెన్నెముక బయటపడేలా చిక్కింది. నోరు వాసన వేసేది. చివరికి వాంతులు పట్టుకుని అన్నం ముట్టడం మానేశాక ఆటోలో వేసుకుని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. రక్తపరీక్ష చేసి కిడ్నీలు పోయాయన్నారు. మూడు రోజులు సెలైన్ ఎక్కించారు. నాలుగో రోజు తెల్లవారుజామున ఆమె ఒడిలో తల పెట్టి పోయింది.

"నాను కొట్టేను అయ్యగారూ. వసారా పాడు సేసిందని సీపురు కట్టతో ఒకటేసేను. దానికి రోగమని నాకేటి తెల్సు?" అని అప్పుడు ఏడ్చారు. ఐదు వారాలుగా ఆమెని తింటున్నది చావు కాదు, ఆ చీపురుకట్ట దెబ్బ.

నేను తరవాత ఒక పశువైద్యుడిని అడిగి తెలుసుకున్నాను. ముసలి కుక్కలకి కిడ్నీ జబ్బు నెమ్మదిగా వస్తుంది. కిడ్నీలు చేసే పనిలో దాదాపు మూడింట రెండు వంతులు పోయేదాకా పైకి ఏమీ కనబడదు. నీళ్లు ఎక్కువ తాగడం, ఉచ్చ ఎక్కువ పోయడం మొదటి గుర్తులు. అవి కనబడేసరికే చాలా నష్టం జరిగిపోయి ఉంటుంది. ముందుగా పట్టుకుంటే తిండి మార్చి, మందులతో కొంతకాలం మెరుగ్గా ఉంచగలరు గాని, పోయిన కిడ్నీని తిరిగి తేలేరు. ఈ సంగతి ఆమెకి చెప్పాను. ఏమీ చేసి ఉండలేరని అబద్ధం చెప్పలేదు. "మీ కళ్ళకి కనబడేసరికే చాలా మట్టుకు అయిపోయింది తల్లీ. దెబ్బ కొట్టిన చేతులే ఒడిలో పెట్టుకున్నాయి. అది చివరికి వెతుక్కున్నది ఆ ఒడినే" అన్నాను. ఆమె పైట చెంగుతో ముఖం తుడుచుకున్నారు. ఆ మాట మొదటి ఆదివారమే చెప్పగలిగి ఉండేవాణ్ణి, "ఎలా జరిగింది" అని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే.

"ఇంకోటి తెచ్చుకోండి" అనేవారికి

నేను అన్న రెండో మాట ఇది. మంచి మనసుతోనే అంటాం. కాని భార్య పోయినవాడికి సమాధి దగ్గరే "ఇంకో సంబంధం చూస్తాం" అంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. మనిషీ జంతువూ ఒకటని నేను అనడం లేదు. బంధం అనేది వస్తువు కాదు, ఒకటి పగిలితే ఇంకొకటి కొనడానికి, అని మాత్రం అంటున్నాను.

అంతేకాదు, ఈ సలహా ఒక్కోసారి ఇంకొక ప్రాణం తీస్తుంది. మా వీధిలో ఏడో తరగతి చదివే కుర్రవాడి కుక్కకూన రెండు నెలల వయసులో చచ్చిపోయింది. వాంతులు, దుర్వాసనతో రక్తం కలిసిన విరేచనాలు, మూడే రోజులు. పార్వో అంటారు ఆ వైరస్ రోగాన్ని. టీకా వేయని కూనల్ని ఎక్కువగా పట్టుకుంటుంది. పిల్లవాడు అన్నం మానేశాడని వారం తిరక్కుండా తండ్రి ఇంకో కూనని తెచ్చి అదే గోనెపట్టా మీద కట్టేశాడు. అది కూడా అలాగే పోయింది. ఇప్పుడు ఆ పిల్లవాడు తన చేతుల్లో ఏదీ బతకదని అంటున్నాడు.

పార్వో వైరస్ మట్టిలో, నీడపట్టున నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా బతికి ఉంటుంది. ఫినాయిలు పోస్తే చావదు. కడిగిన గచ్చు మీద, ఒక వంతు బ్లీచింగ్ ద్రావణానికి ముప్పై వంతుల నీళ్లు కలిపి పోసి, పది నిమిషాలు తడిగా ఉంచితే చస్తుంది. కాని మట్టి పెరట్లో అదీ సరిగా పనిచేయదు. చచ్చిన కూన పడుకున్న పట్టా, తిన్న గిన్నె తీసేయాలి. తరవాత తెచ్చే కూనకి ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకా వేయించి, మూడు నాలుగు వారాలకి ఒకసారి చొప్పున పదహారు వారాలు వచ్చేదాకా మళ్ళీ వేయించాలి. ఆ టీకాలు పూర్తయ్యాకే ఆ పెరట్లో వదలాలి. చూశారా, "ఇంకోటి తెచ్చుకో" అన్న మాటకి ఎంత తెలియనితనం ఉందో. ఆ పిల్లవాడికి ఆ వారం కావలసింది రెండో కూన కాదు. "నీ వల్ల చావలేదు నాన్నా, రోగం వల్ల చచ్చింది. దాని పేరేంటి?" అని అడిగే పెద్దమనిషి.

ఇంకొక మాట. పిల్లలకి "అది పారిపోయింది", "ఎవరికో ఇచ్చేశాం" అని అబద్ధం చెప్పకండి. పారిపోయిందంటే వాడు ఏళ్ల తరబడి గేటు వైపు చూస్తాడు. తనని వదిలేసి వెళ్లిందని అనుకుంటాడు. చనిపోయిందని చెప్పండి. పూడ్చేటప్పుడు దగ్గర ఉండనివ్వండి. నూతికి దూరంగా, కుక్కలు తవ్వని లోతున, కనీసం మూడు అడుగులు గొయ్యి తీయండి. పిచ్చిపట్టి చచ్చిందన్న అనుమానం ఉంటే మాత్రం ఎవరూ ఉత్త చేతులతో ముట్టకండి. అది కరిచిన వాళ్లని, చొంగ గాయానికి తగిలిన వాళ్లని వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి టీకా వేయించండి.

వాక్యాన్ని కర్రలా వాడేవారికి

మూడో మాట మన విశ్వాసుల మధ్యే ఎక్కువగా వినబడుతుంది. "జంతువుకి ఆత్మ లేదు. దాని కోసం ఏడవడం అవిశ్వాసం. దేవుని మీద పెట్టాల్సిన ప్రేమ కుక్క మీద పెట్టింది." ఆ తల్లితో మన సంఘంలోని ఒకరు ఈ మాట అన్నారని ఆ రోజే తెలిసింది.

సమూయేలు రెండవ గ్రంథం పన్నెండో అధ్యాయం తెరవండి. దావీదు ఘోరమైన పాపం చేసి దాచుకున్నాడు. నాతాను ప్రవక్త అతని గుండె తలుపు తట్టాలి. ఏ కథ ఎంచుకున్నాడు? ఒక పేదవాడు, అతనికి ఒకే ఒక్క గొర్రెపిల్ల. దాన్ని పిల్లలతో పాటే పెంచాడు. తన కంచంలోదే తినేది, తన గిన్నెలోదే తాగేది, తన రొమ్మున పడుకునేది. కూతురిలా చూసుకున్నాడు. ధనవంతుడు దాన్ని లాక్కుని అతిథికి వండి పెట్టాడు. ఇది ఉపమానమే, ఆ గొర్రెపిల్ల ఎవరికి గుర్తో మనకి తెలుసు. కాని ఉపమానం పని చేయాలంటే వినేవాడికి ఆ ప్రేమ నిజమని అనిపించాలి. జంతువుని అలా ప్రేమించడం వెర్రితనమైతే దావీదు నవ్వి ఊరుకునేవాడు.

అతను నవ్వలేదు. మండిపడ్డాడు. ఇక్కడ ఒక సంగతి చూడండి. దొంగిలించి కోసేసిన గొర్రెకి నిర్గమకాండం ధర్మశాస్త్రంలో చెప్పిన శిక్ష నాలుగు గొర్రెలు తిరిగి ఇవ్వడం. దావీదు ఆ నాలుగింతలూ చెప్పాడు. కాని దానికి ముందే ఆ మనిషి చావుకి తగినవాడన్నాడు. ధర్మశాస్త్రంలో గొర్రె దొంగకి మరణం లేదు. మరి ఎందుకన్నాడు? ఆ పేదవాడు పోగొట్టుకున్నది నాలుగు గొర్రెలతో తీరేది కాదని, గొర్రెలు కాసి పెరిగిన ఆ రాజుకి తెలుసు. కనికరం లేకపోవడమే అతన్ని మండించింది. "గొర్రెపిల్లే కదా, ఇంకోటి కొనుక్కో" అనే మాట ఆ కథలో ఎవరైనా అంటే, అది ఆ ధనవంతుడే అని ఉంటాడు.

ఆత్మ సంగతి అంటారా? ఆదికాండం రెండో అధ్యాయంలో నరుని గురించి మన తెలుగు బైబిలులో "జీవాత్మ" అని చదువుతాం. మూల హీబ్రూలో అక్కడున్న మాట నెఫెష్ హయ్యా. మొదటి అధ్యాయంలో చేపల్ని, పశువుల్ని సృష్టించినప్పుడు కూడా అదే మాట ఉంది. తెలుగులో రెండు చోట్లా వేరుగా వచ్చింది కాబట్టి మనకి కనబడదు. మనిషిని దేవుడు తన స్వరూపంలో చేశాడు, ఆ తేడా పెద్దదే. నేను దాన్ని చెరిపేయను. జంతువులు పరలోకంలో ఉంటాయని ప్రసంగించను, వాక్యం చెప్పనిది నేను మాట ఇవ్వను. కాని ఊపిరి ఉన్న ప్రాణిగా దేవుడు పేరు పెట్టిన దాన్ని, ఏడ్చే మనిషి ముఖం మీద "అది ఉత్తది" అని విసరడానికి మనకి ఎవరు అధికారం ఇచ్చారు?

"మనుషులు చస్తుంటే కుక్కకి ఏడుపా" అని కొందరు అడుగుతారు. కన్నీళ్లు రేషను బియ్యం కాదు, ఒకరికి కొలిస్తే ఇంకొకరికి తక్కువ పడడానికి. ఆ తల్లి భర్త పోయినప్పుడూ ఏడ్చింది, మీ ఇంట్లో చావు వచ్చినప్పుడు మీ గుమ్మంలో కూర్చునీ ఏడ్చింది. "ఇది పట్నంవాళ్ల మోజు, విదేశీ అలవాటు" అని ఇంకొందరంటారు. పక్కనున్న కర్ణాటకలో ఆతకూరు అనే ఊళ్ళో దొరికిన శాసనం ఒకటి ఉంది. దాదాపు 950 నాటిది. మణలారుడనే వీరుడు యుద్ధంలో చూపిన పరాక్రమానికి గంగరాజు బూతుగుడు ఏం కావాలో కోరుకోమంటే, అతను కాళి అనే వేటకుక్కని అడిగాడు. ఆ కుక్క అడవిపందితో పోరాడి, రెండూ చచ్చాయి. అతను ఆ కుక్క కోసం గుడి ముందు రాయి నిలిపి, భూమి దానం చేయించాడు. ఆ రాయి ఇప్పుడు బెంగళూరు ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. వారి పూజ మన పద్ధతి కాదు. కాని వెయ్యేళ్ల కిందటి యోధుడికి లేని సిగ్గు మనకెందుకు?

ఏం చేయాలి

పెద్ద పనులేమీ కాదు. మొదట, పోయినదాని పేరు అడగండి. "మీ కుక్క" అనకండి, పేరుతో అనండి. తరవాత "ఎలా జరిగింది" అని అడిగి, పూర్తయ్యేదాకా వినండి. మధ్యలో మీ సలహా, మీ వాక్యం, మీ ఇంటి కుక్క కథ, ఏదీ వద్దు. రెండు మూడు వారాలయ్యాక మళ్ళీ ఒకసారి వెళ్ళండి. మొదటి వారం ఎవరో ఒకరు పలకరిస్తారు, ఇల్లు మరీ నిశ్శబ్దమయ్యేది ఆ తరవాతే. ఒంటరిగా ఉండే ముసలివాళ్లకి జంతువుతో పాటు రోజు నడిచే పద్ధతే పోతుంది. దానికి అన్నం పెట్టడానికి లేచినవాళ్లు ఇప్పుడు ఎందుకు లేవాలి? దాని కోసం వండినవాళ్లు ఒక్క ప్రాణానికి పొయ్యి ఎందుకు వెలిగించాలి? అందుకే ఆ పూట మీ ఇంటి కూర కొంచెం పంపండి. ఆదరణ కూడికలో మనం చేసేదే కదా.

నెలలు గడిచే కొద్దీ ఈ దుఃఖం మామూలుగా పలచబడుతుంది. అలా కాక తిండి, నిద్ర పూర్తిగా పోయినా, "నేనూ పోతే బాగుణ్ణు" అన్న మాట నోట వచ్చినా, దాన్ని తీసిపారేయకండి. ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. ప్రార్థన చేయండి, ఫోనూ చేయండి. రెండూ ఒకదానికొకటి అడ్డు కావు.

ఆరో ఆదివారం ఆ తల్లి వచ్చారు. నేను సంఘం ముందు ఆమెని క్షమాపణ అడిగాను. ప్రార్థనలో ఆమె పేరు, ఆమె దుఃఖం పేరు చెప్పి ఎత్తిపట్టాను. ఎవరో వెనక నుంచి చిన్నగా నవ్వారు. ఆ నవ్వు కోసమే ఇదంతా రాశాను.

మన తెలుగులో ఒక సంగతి ఉంది. మనల్ని మనం "విశ్వాసులు" అని పిలుచుకుంటాం. మన భాష ఆ విశ్వాసం అన్న మాటని జంతువులన్నిటిలో ఒక్కదానికే ఇచ్చింది. అది కుక్కకి. అదే నోటితో నీచమైన చావుని "కుక్కచావు" అంటాం. జానీ పదకొండేళ్లు ఒక్క ఆదివారం తప్పకుండా వచ్చి, లోపలికి రానివ్వరని తెలిసి కూడా, గేటు బయట కాచుకుని కూర్చుంది. లోపల కూర్చున్న మనం దాని యజమానురాలిని ఒక్క మాటతో నాలుగు వారాలు బయటికి పంపాం. విశ్వాసం ఎవరిదో మీరే చెప్పండి.

వేపచెట్టు కింద ఆ చోటు ఇప్పుడు ఖాళీగా ఉంది. వచ్చే ఆదివారం లోపలికి వచ్చేటప్పుడు ఆ తల్లి కనబడితే, జానీ గురించి ఒక్క మాట అడగండి. ఆమె చెబుతారు. వినండి.

ఆదరించు దేవుడు మీకు తోడైయుండును గాక. ఆమేన్.